అనువదిస్తే సొంతమైపోతుందా? మీడియా వ్యాసంలో పారాఫ్రేజ్, సైటేషన్, కాపీ గొడవ

క్లుప్తంగా: ఇంగ్లిష్ పుస్తకంలోని వాక్యాన్ని తెలుగులోకి మార్చినంత మాత్రాన అది పారాఫ్రేజ్ కాదు, సాఫ్ట్‌వేర్‌లో శాతం తక్కువ వచ్చినంత మాత్రాన వ్యాసం శుభ్రమని కాదు. రెఫరెన్స్ స్టైల్ విషయానికొస్తే, వ్యాసంలో వాడే ఆధారాలు ఎలాంటివో చూసుకున్నాకే దాన్ని ఎంచుకోవాలి.

శ్రీకాకుళం, విజయనగరం వైపు జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ చదివే చాలామందికి రెండు భాషల్లో పని పడుతుంది. సిద్ధాంతాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, పరిశీలించాల్సిన పత్రికలు తెలుగులో ఉంటాయి, వ్యాసం ఏ భాషలో రాసినా సగం సరుకు అవతలి భాష నుంచే తెచ్చుకోవాలి. కాపీ సమస్య ఎక్కువగా ఈ దాటింపు దగ్గరే పుడుతుంది, పైగా రాసినవాళ్లకి అది కాపీ అని అనిపించదు కూడా. కష్టపడి అనువదించుకున్నారు కదా మరి.

ఒక ఊహాత్మక వ్యాసం తీసుకుందాం. అంశం: తిత్లీ తుఫాను వార్తలకు పత్రికలు ఇచ్చిన ప్రాధాన్యం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుఫాను అది, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఇలాంటి అంశానికి ఎవరైనా మొదట అందుకునే సిద్ధాంతం అజెండా సెట్టింగ్, అంటే మీడియా దేనికి ప్రాధాన్యం ఇస్తే జనం దాన్నే ముఖ్యం అనుకుంటారన్న వాదన. వ్యాసం రాశారు, సాఫ్ట్‌వేర్‌లో వేశారు, పోలిక నాలుగు శాతమే వచ్చింది. అయినా గైడ్ రెండు పేరాల చుట్టూ ఎర్రగీత గీసి వెనక్కి ఇచ్చారు. ఎందుకిచ్చారో అర్థం కావాలంటే ముందు ఆ నాలుగు శాతం ఏం కొలిచిందో చూడాలి.

శాతం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

పోలిక చూసే సాఫ్ట్‌వేర్ ప్రధానంగా చేసేది మాటల వరసను వెతకడం. తన దగ్గరున్న వెబ్ పేజీలు, జర్నళ్లు, పాత థీసిస్‌లలో అవే మాటలు అదే వరసలో కనిపిస్తే రంగు వేసి చూపిస్తుంది. భావం ఎవరిదో దానికి తెలియదు. ఇంగ్లిష్ పేరాని తెలుగులోకి మార్చి రాస్తే ఆ వరస మొత్తం మారిపోతుంది కాబట్టి చాలాసార్లు పట్టుకోలేదు. తెలుగు నుంచి తెలుగుకి ఎత్తి రాసినా తడబడే అవకాశం ఉంది, ఎందుకంటే మన భాషలో విభక్తులు, ప్రత్యయాలు మాటకే అతుక్కుని ఉంటాయి. 'తుఫాను వల్ల' అన్నది 'తుఫానుతో' అయితే మనిషికి పెద్ద తేడా లేదు, యంత్రానికి మాత్రం అది వేరే మాట.

ఇంకో చిక్కు అను ఫాంట్లు. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ కొందరు యూనికోడ్ కాని ఫాంట్లలో టైప్ చేయిస్తారు. అలాంటి ఫైల్ నుంచి అక్షరాలు కాపీ చేస్తే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి, సాఫ్ట్‌వేర్‌కి కనిపించేదీ ఆ గుర్తులే. దానికి సున్నా శాతం రావడంలో వింతేం లేదు. ఆ సున్నాకి అర్థం కూడా లేదు.

ఇక యూజీసీ నిబంధనల సంగతి. 2018లో వచ్చిన ప్లేజియరిజం నిరోధక నిబంధనల్లో పోలికను నాలుగు మెట్లుగా విడగొట్టారు. 10 శాతం వరకు చిన్న పోలిక, శిక్ష లేదు. 10 దాటి 40 వరకు అయితే ఆరు నెలలకు మించని గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు అయితే సరిచేసింది కూడా ఏడాది పాటు ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే ఆ కోర్సు రిజిస్ట్రేషనే రద్దు. అందరికీ గుర్తుండేది ఇందులో మొదటి అంకె, 'పది శాతం లోపు ఓకే' అని. అయితే ఆ నిబంధనలు థీసిస్, డిసర్టేషన్, పరిశోధన పత్రాల్లాంటి వాటి కోసం. అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్ట్ రిపోర్టులు, వ్యాసాలు, జవాబు పత్రాలు వాటి పరిధిలోకి రావని నిర్వచనంలోనే రాసి ఉంది. అంటే తరగతి వ్యాసాన్ని ఎలా చూడాలన్నది విభాగం ఇష్టం. పది శాతం అనే రక్షణ కవచం అక్కడ లేనే లేదు, ఒక్క పేరా ఎత్తినా మార్కులు కోసే హక్కు గైడ్‌కి ఉంటుంది.

ఒకే భావం, నాలుగు రాతలు

మాక్స్‌వెల్ మెక్‌కోంబ్స్, డొనాల్డ్ షా 1972లో ప్రచురించిన పరిశోధన పత్రం అజెండా సెట్టింగ్‌కి మూలం. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో చాపెల్ హిల్‌లో, ఎవరికి ఓటేయాలో ఇంకా తేల్చుకోని 100 మంది ఓటర్లను అడిగి, వాళ్లు ముఖ్యం అనుకున్న సమస్యలను మీడియా ముఖ్యంగా చూపిన సమస్యలతో పోల్చారు. పత్రం మొదట్లోనే వాళ్లు చెప్పే మాట సారాంశం ఇది: వార్తల్ని ఎంచుకుని చూపించే తీరుతో సంపాదకులు, న్యూస్‌రూమ్ సిబ్బంది, ప్రసారకులు రాజకీయ వాస్తవాన్ని మలుస్తారు, పాఠకులకు ఒక సమస్య గురించి తెలియడంతో పాటు, వార్త ఎంత ఉంది, ఎక్కడ ఉంది అన్నదాన్ని బట్టి దానికి ఎంత విలువ ఇవ్వాలో కూడా తెలుస్తుంది.

ఎర్రగీత పడిన రాత ఇలా ఉందనుకుందాం.

"వార్తలను ఎంపిక చేయడంలోను, ప్రదర్శించడంలోను సంపాదకులు, న్యూస్‌రూమ్ సిబ్బంది మరియు ప్రసారకులు రాజకీయ వాస్తవికతను రూపొందించడంలో ముఖ్యమైన పాత్రను పోషిస్తారు. పాఠకులు ఇవ్వబడిన ఒక అంశం గురించి మాత్రమే కాకుండా, ఆ అంశానికి ఎంత ప్రాముఖ్యతను జోడించాలో కూడా నేర్చుకుంటారు."

పేరు లేదు, సంవత్సరం లేదు. గైడ్‌కి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఆ తెలుగే చెప్పేస్తుంది. 'ఇవ్వబడిన అంశం', 'ప్రాముఖ్యతను జోడించడం' తెలుగువాళ్లు వాళ్లంతట వాళ్లు రాసే మాటలు కావు, కింద ఇంగ్లిష్ వాక్యం కనపడుతూనే ఉంది. ముందు వెనక పేరాల్లో విద్యార్థి మామూలు తెలుగు రాసి, మధ్యలో ఒక్కసారి ఇలాంటి వాక్యాలు వస్తే ఆ అతుకు ఇంకా బాగా తెలుస్తుంది. పరీక్షకులు మొదట పట్టుకునేది ఈ అతుకునే.

వెనక్కి వచ్చిన వ్యాసాన్ని సరిచేయమంటే చాలామంది చేసే పని మాటలు మార్చడం. 'ఎంపిక' బదులు 'ఎన్నిక', 'సిబ్బంది' బదులు 'ఉద్యోగులు', 'పాత్ర పోషిస్తారు' బదులు 'భూమిక వహిస్తారు'. వాక్యాల వరస, వాదన నడిచే దారి, ఎక్కడ ఏం చెప్పాలన్న నిర్ణయం అన్నీ అవతలివాళ్లవే. అచ్చులో మాత్రం కొత్తగా కనిపిస్తుంది. ఇది రెండో రాత, మొదటిదానికంటే ఇదే ఎక్కువ అనుమానం తెస్తుంది, ఎందుకంటే దాచాలన్న ప్రయత్నం ఇందులో కనిపిస్తోంది.

మూడో రాత బాగానే ఉన్నట్టు ఉంటుంది.

"వార్త మొదటి పేజీలో పడిందా, జిల్లా టాబ్లాయిడ్‌లో పడిందా, ఎన్ని కాలమ్‌లలో వేశారు అన్నదాన్ని బట్టి పాఠకుడు దాని విలువ అంచనా వేస్తాడు (మెక్‌కోంబ్స్, షా, 1972)."

తెలుగు శుభ్రంగా ఉంది, పేరూ సంవత్సరమూ ఉన్నాయి. కానీ ఇందులో ఇంకో తప్పు దాగి ఉంది. జిల్లా టాబ్లాయిడ్ల గురించి ఆ ఇద్దరూ ఏమీ చెప్పలేదు, చెప్పే వీలూ లేదు. విద్యార్థి సొంత ఆలోచనని తీసుకెళ్లి వాళ్ల నోట్లో పెట్టారు. కాపీకి ఇది తిరగబడ్డ రూపం: అక్కడ అవతలివాళ్లది మనదంటాం, ఇక్కడ మనది అవతలివాళ్లదంటాం. రెండిటిలోనూ ఏది ఎవరిదో చదివేవాళ్లకి తెలియదు. ఇంకా బాధ ఏమిటంటే, వ్యాసంలో మార్కులు తెచ్చే అసలు ఆలోచన ఏదో అదే ఇలా పరాయి ఖాతాలోకి పోతుంది.

నాలుగో రాత:

"వార్తలోని విషయంతో పాటు దాని బరువును కూడా పాఠకుడు మీడియా నుంచే గ్రహిస్తాడని మెక్‌కోంబ్స్, షా (1972) అంటారు. ఆ బరువు తెలియడానికి వాళ్లు చెప్పే గుర్తులు రెండు, వార్త ఎంత ఉంది, ఎక్కడ ఉంది. అయితే మెయిన్ ఎడిషన్, జిల్లా టాబ్లాయిడ్ విడివిడిగా వచ్చే తెలుగు పత్రికల్లో 'ఎక్కడ' అన్న ప్రశ్నకి ఒక జవాబు సరిపోదు. తిత్లీ వార్త టాబ్లాయిడ్ మొదటి పేజీ మొత్తం ఆక్రమించి, మెయిన్ లోపలి పేజీకి పరిమితమైతే, జిల్లాలో ఒక అజెండా, రాష్ట్రంలో ఇంకో అజెండా ఏర్పడతాయి."

'అంటారు' అన్న వాక్యంతో వాళ్ల మాట మొదలైంది, 'అయితే' దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి విద్యార్థి మాట. పారాఫ్రేజ్ అంటే చేయాల్సింది ఇదే, మూలాన్ని మింగేసి సొంత వాదనకి పనికొచ్చే మేరకు తిరిగి చెప్పడం, ఎక్కడిదాకా అప్పో గీత గీయడం.

ఇలా రాయడానికి పాత పద్ధతే పనిచేస్తుంది. మూలం చదివాక పుస్తకం మూసేసి, కాంప్లెక్స్‌లో బస్సు కోసం ఎదురుచూసే స్నేహితుడికి చెబుతున్నట్టు రెండు ముక్కలు రాసుకోవాలి. రాశాక పుస్తకం తెరిచి అర్థం తప్పిందేమో చూసుకోవాలి. నోట్స్ తీసుకునేటప్పుడే మక్కీకి మక్కీగా రాసుకున్నవాటికి కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు పెట్టుకోకపోతే, నెల తర్వాత ఆ నోట్స్ చూస్తే ఏది మనదో ఏది పుస్తకానిదో మనకే తెలియదు. నిజాయితీగా రాసేవాళ్లు కూడా కాపీలో ఇరుక్కునేది చాలావరకు ఇక్కడే.

మరి అనువాదానికి చోటే లేదా అంటే, ఉంది. రెఫరెన్స్‌లు ఇచ్చే పద్ధతుల్లో ఒకటైన ఏపీఏ స్టైల్ ఏడో ఎడిషన్ ప్రకారం రాసేవాళ్లు సొంతంగా అనువదించుకున్న భాగానికి కొటేషన్ గుర్తులు పెట్టకూడదు, దాన్ని పారాఫ్రేజ్ కింద లెక్కగట్టి రచయిత పేరు, సంవత్సరం ఇవ్వాలి. అచ్చయిన అనువాదం నుంచి తీసుకుంటేనే కొటేషన్. ఈ ఒక్క వాక్యం పట్టుకుని 'అనువాదం పారాఫ్రేజే కదా, ఏపీఏయే చెప్పింది' అని వాదించేవాళ్లు ఉంటారు. ఆ సూత్రం చెప్పేది గుర్తులు ఎలా పెట్టాలన్నదే, పేరు వదిలేయమని కాదు. పేరాకి పేరా అనువదించి చివర ఒక బ్రాకెట్ పెడితే నియమం తప్పినట్టు కాకపోవచ్చు గానీ, అందులో వ్యాసం రాసినవాళ్లు ఎక్కడున్నారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఎవరి మాట ఎవరి ద్వారా వచ్చింది

అజెండా సెట్టింగ్ గురించి రాసే ప్రతి వ్యాసంలోనూ బెర్నార్డ్ కోహెన్ మాట ఒకటి ఉంటుంది, పత్రికలు ఏం ఆలోచించాలో చెప్పడంలో అంతగా నెగ్గకపోవచ్చు గానీ దేని గురించి ఆలోచించాలో చెప్పడంలో బాగా నెగ్గుతాయని. అది 1963లో విదేశాంగ విధానం మీద ఆయన రాసిన పుస్తకంలోది. ఆ పుస్తకం నిజంగా తెరిచి చదివినవాళ్లు తక్కువ, చాలామంది దాన్ని చూసేది 1972 పత్రంలోనో, పాఠ్యపుస్తకంలోనో, సీనియర్ల నోట్స్‌లోనో. చదవని పుస్తకాన్ని చదివినట్టు జాబితాలో వేయడం కూడా ఒకరకం మోసమే. చిన్నదనిపిస్తుంది, వైవాలో 'ఆ పుస్తకంలో ఇంకేముంది?' అని అడిగితే అప్పుడు తెలుస్తుంది.

సరైన దారి తేలికే. వాక్యంలో కోహెన్ 1963 అని చెప్పి, మెక్‌కోంబ్స్, షా 1972లో ఉటంకించినట్టు అని రాయాలి. చివరి జాబితాలో మాత్రం చేతిలో ఉన్న 1972 పత్రమే ఉండాలి.

అన్నిటికీ సైటేషన్ అక్కర్లేదు. తిత్లీ 2018 అక్టోబర్ 11న తీరం దాటిందన్నది అందరికీ తెలిసిన విషయం, ఎక్కడ చూసినా అదే తేదీ ఉంటుంది. నష్టం అంకెలు అలా కాదు. ఎన్ని ఎకరాలు, ఎన్ని చెట్లు, ఎన్ని ఇళ్లు అన్న లెక్క మొదటి రోజు ఒకటి, వారం తర్వాత ఒకటి, ప్రభుత్వం తుది నివేదికలో ఇంకొకటి ఉంటాయి. అలాంటి అంకె పక్కన ఆధారంతో పాటు తేదీ కూడా ఉండాలి.

మీడియా స్టడీస్‌కే ప్రత్యేకమైన ఇంకో ఉచ్చు ప్రెస్ నోట్. జిల్లా సమాచార శాఖ నుంచి వచ్చిన నోట్‌ని మూడు పత్రికలు రెండు మాటలు అటూ ఇటూ చేసి వేస్తాయి. విద్యార్థి ఆ మూడింటినీ చూపి 'మూడు పత్రికలూ ఇదే నిర్ధారించాయి' అని రాస్తారు. సైటేషన్ రూపంలో లోపం లేదు, కానీ అక్కడున్నది ఒక్క గొంతే. మూడు వార్తలు పక్కపక్కన పెట్టి చదివితే అవే అంకెలు, అదే వరస, అధికారి నోట అదే వాక్యం కనిపిస్తాయి. అలా కనిపిస్తే మూలం ప్రెస్ నోట్ అని వ్యాసంలోనే చెప్పాలి. నిజానికి అదే ఒక మంచి పరిశీలన, అజెండా ఎవరు పెడుతున్నారన్న ప్రశ్నకి నేరుగా తగిలేది.

ఏ స్టైల్ ఎంచుకోవాలి

విభాగం ఫలానా స్టైల్ అని చెబితే చర్చ లేదు, అదే వాడాలి. చెప్పకపోతే, లేదా 'ఏదో ఒకటి, అంతటా ఒకేలా ఉండాలి' అని వదిలేస్తే అప్పుడు ఆలోచించాలి. మీడియా స్టడీస్ సగం సామాజిక శాస్త్రం, సగం సాహిత్యం లాంటిది కాబట్టి అన్ని స్టైళ్లూ ఇక్కడ కనిపిస్తాయి.

ఏపీఏలో వాక్యంలోనే పేరు, సంవత్సరం వస్తాయి. ఏ పరిశోధన ఎప్పటిదన్నది ముఖ్యమైనప్పుడు, సర్వేలు, వార్తల లెక్కింపు చేసినప్పుడు ఇది సరిపోతుంది. ఎంఎల్ఏలో పేరు, పేజీ నంబరు వస్తాయి, సంవత్సరం వెనక జాబితాకి పోతుంది. ఒక సినిమానో, ఒక సంపాదకీయాన్నో మాట మాటా పట్టుకుని విశ్లేషించేవాళ్లకి ఇది హాయి. షికాగో నోట్స్ పద్ధతిలో వాక్యంలో చిన్న అంకె ఒక్కటే ఉంటుంది, వివరమంతా పేజీ అడుగున. పాత పత్రికల ఫైళ్లు తిరగేసి చరిత్ర రాసేవాళ్లు దీన్ని ఇష్టపడతారు. హార్వర్డ్ అనేదానికి ఒకే అధికారిక పుస్తకం లేదు, పేరు-సంవత్సరం పద్ధతికి అది ఒక వాడుక పేరు. కాబట్టి ఎవరైనా హార్వర్డ్ వాడమంటే ఏ సంస్థ నమూనా అని అడగడం మంచిది.

తిత్లీ వ్యాసానికి తేడా వచ్చేది పేరు లేని వార్తల దగ్గర. జిల్లా వార్తల్లో విలేకరి పేరు అరుదు, ఊరి పేరు, పక్కన వార్తా విభాగం పేరు, అంతే. ఏపీఏలో రచయిత లేకపోతే ఆ చోటికి శీర్షిక వస్తుంది. అలాంటి వార్తలు 40 ఉన్నాయనుకోండి, వాక్యాల మధ్య 40 శీర్షికల ముక్కలు బ్రాకెట్లలో పడి పేజీ చదవడానికి వీల్లేకుండా అవుతుంది. దీనికి దారి, ఆధారాలని డేటా నుంచి వేరు చేయడం. లెక్కించిన 40 వార్తలనీ తేదీ, ఎడిషన్, పేజీ, శీర్షికతో అనుబంధంలో ఒక పట్టికగా వేసి, వా-1, వా-2 అని నంబర్లు ఇస్తే వ్యాసంలో ఆ నంబరు చాలు. సిద్ధాంతాలు, పుస్తకాలు మాత్రం మామూలుగా ఏపీఏ జాబితాలో ఉంటాయి. వార్తలు లెక్కించకుండా ఏడెనిమిది శీర్షికల భాషని లోతుగా చదివే వ్యాసమైతే షికాగో నోట్స్ తేలిక.

ఏ స్టైల్ అయినా ఎడిషన్ పేరు వదలకూడదు. శ్రీకాకుళం టాబ్లాయిడ్‌లో మూడో పేజీ వార్త విజయవాడ ఎడిషన్‌లో ఉండనే ఉండదు, పత్రిక పేరూ తేదీ మాత్రం ఇస్తే వెతికేవాళ్లకి దొరకదు. ఎడిషన్‌ని బట్టి పేజీలు మారతాయి కాబట్టే దినపత్రికలకి పేజీ నంబరు వదిలేయవచ్చని, అవసరమైతే ఎడిషన్ చెప్పవచ్చని షికాగో అంటుంది. పేజీ స్థానమే అంశమైన తిత్లీ వ్యాసంలో మాత్రం రెండూ కావాలి. ఈ-పేపర్ లింకు ఒక్కటే నమ్ముకోవడం ప్రమాదం, పాత తేదీలు తర్వాత తెరుచుకోకపోవచ్చు, చూసిన రోజే పేజీని సేవ్ చేసుకోవాలి.

ఇంగ్లిష్‌లో రాసే వ్యాసంలో తెలుగు వార్తని ఏపీఏ ప్రకారం ఇవ్వాలంటే శీర్షికని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, పక్కన చతురస్ర బ్రాకెట్‌లో దాని ఇంగ్లిష్ అర్థం ఇవ్వాలి. తెలుగులో రాసే వ్యాసానికి ఈ పుస్తకాల్లో సిద్ధంగా ఉన్న నియమం లేదు. అక్కడ పనికొచ్చే పద్ధతి ఒకటే, వాక్యంలో మెక్‌కోంబ్స్ అని తెలుగులో రాసినా, జాబితాలో ఇంగ్లిష్ మూలాల వివరాలు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచడం. లేకపోతే లైబ్రరీ కేటలాగ్‌లో వెతకడానికి ఎవరికీ కుదరదు.

చివరి చిక్కు ఇంటిపేరు. ఈ స్టైళ్లన్నీ చివరి మాటే ఇంటిపేరు అనుకునే లెక్కలో పుట్టాయి, మనకి ఇంటిపేరు ముందుంటుంది. విజయనగరం గురజాడ అప్పారావు పేరునే రెఫరెన్స్‌లు సర్దిపెట్టే జొటెరో లాంటి సాఫ్ట్‌వేర్ దానంతట అది విడగొడితే 'అప్పారావు, జి.' అని తయారై, అక్షర క్రమంలో 'గ' దగ్గర వెతికేవాళ్లకి 'అ' దగ్గర ఉంటుంది. జొటెరోలో పేరు గడి పక్కనున్న బటన్ నొక్కితే రెండు గడులు ఒకటవుతాయి, అందులో పేరు మొత్తం ఇంటిపేరుతో మొదలుపెట్టి రాసుకుంటే విడగొట్టకుండా అలాగే ఉంచుతుంది. లేదా ఇంటిపేరు గడిలో గురజాడ, రెండో గడిలో అప్పారావు అని చేత్తో సరిచేయాలి. జాబితాలో పదిమంది తెలుగు రచయితలుంటే ఈ పనికి పావుగంట పడుతుంది, స్టైల్ మార్చిన ప్రతిసారీ మళ్లీ చేయక్కర్లేదు.